బిర్యానీలో ఉప్పు, సంచిలో సాలన్, గేటు దగ్గర పార్సిల్: స్టార్లు ఎవరికి తగ్గించాలి?

"అన్నా, చికెన్ దమ్ బిర్యానీ ఆర్డర్ పెడితే ఉప్పు మరీ ఎక్కువగా ఉంది, సాలన్ సగం సంచిలోనే కారిపోయింది, పైగా 18 నిమిషాలు లేటు. డెలివరీ అబ్బాయి పైకి రాకుండా వాచ్‌మన్ దగ్గర వదిలేసి వెళ్లిపోయాడు. ఎవరికి ఎన్ని స్టార్లు ఇవ్వాలి?"

ముందు లేటు సంగతి చూద్దామండి. ఫోన్‌లో యాప్ పంపిన నోటిఫికేషన్లు ఇంకా ఉంటాయి, వాటి పక్కన టైమూ ఉంటుంది. ఈ ఆర్డర్ 8:05కి పెట్టారు, యాప్ 8:40కి వస్తుందని చెప్పింది. పార్సిల్ తీసుకున్నట్టు మెసేజ్ వచ్చింది 8:42కి, ఇంటికి చేరింది 8:58కి. అంటే ఇంటికి చేరాల్సిన టైముకి అన్నం ఇంకా హోటల్ దాటలేదు. నాలుగు కిలోమీటర్లు రాత్రి ట్రాఫిక్‌లో 16 నిమిషాలంటే అబ్బాయి బాగానే వచ్చాడు.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. పార్సిల్ రెడీగా ఉండి, తీసుకెళ్లే మనిషి దొరక్క ఆగినా పికప్ ఆలస్యమే అవుతుంది. అబ్బాయి హోటల్‌కి చేరుకున్నాడని యాప్‌లో ముందే కనిపించి, పికప్ చాలాసేపటికి పడితే ఆలస్యం వంటింటిది. అసలు అబ్బాయినే ఆలస్యంగా కేటాయిస్తే అది యాప్‌ది. దారిలో ఇంకో ఆర్డర్ ఇచ్చేసి రమ్మన్నా అంతే, ఆ జత కలిపింది యాప్. ఈ రెండింటికీ అబ్బాయి స్టార్లు కోయడం అన్యాయం.

ఇక సాలన్. సంచి చింపి గబగబా అన్నీ బయటపెట్టేయకండి. ముందు బిర్యానీ డబ్బా మూత తీసి చూడండి. అన్నం డబ్బాలో సమంగా ఉందా, ఒక మూలకి జారి గుట్టపడిందా? గుట్టపడితే సంచి దారిలో పక్కకి ఒరిగింది. సమంగా ఉంటే సంచి నిటారుగానే వచ్చిందని చాలావరకు నమ్మవచ్చు. ఇప్పుడు సాలన్ డబ్బా చేతిలోకి తీసుకోండి. మూత చుట్టూరా నూనె గీత ఉండి, మూత అన్నివైపులా కాస్త పైకి లేచి ఉంటే, పొగలు కక్కే సాలన్‌ని అంచుదాకా నింపి మూత నొక్కేశారన్నమాట. లోపల ఆవిరి పోయే దారిలేక మూతని తోస్తుంది, వేడికి పల్చటి ప్లాస్టిక్ మెత్తబడి పట్టు వదిలేస్తుంది. వేలెడు ఖాళీ వదిలి, మూత కింద ప్లాస్టిక్ పొర చుట్టి, పైన టేపు వేస్తే ఇంత కారదు. అదే డబ్బా మూల పగిలినా, సొట్టపడినా, ఒక్కవైపే కారినా బండి మీద నలిగిందేమో ఆలోచించాలి. ఈ కేసులో అన్నం సమంగా ఉంది, గీత చుట్టూరా ఉంది. కాబట్టి ఇది ప్యాకింగ్ తప్పు, అంటే హోటల్ తప్పే. తెచ్చిన మనిషి డబ్బా నింపడు.

ఉప్పు విషయంలో మాత్రం తొందరపడకండి. దమ్ బిర్యానీలో మసాలా అడుగున ఉంటుంది, తెల్లన్నం పైన ఉంటుంది. హండీలో ఏ పొర నుంచి ఎంత తీశారన్నదాన్నిబట్టి మీ డబ్బా రుచి మారుతుంది. పైన ఉన్న తెల్లన్నం విడిగా ఒక ముద్ద, అడుగున ముక్కతో ఒక ముద్ద తిని చూడండి. తెల్లన్నం కూడా ఉప్పగా ఉంటే అన్నం వండిన నీళ్లలోనే ఎక్కువైంది. ముక్క దగ్గరే ఉప్పగా ఉంటే నానబెట్టిన మసాలాలో ఎక్కువైంది. రివ్యూలో ఆ తేడా రాస్తే వంటవాడికి ఎక్కడ తగ్గించాలో తెలుస్తుంది. "వరస్ట్" అని రాస్తే ఏం తెలుస్తుంది చెప్పండి?

ఇంక అబ్బాయి మీద మిగిలింది ఒక్కటే, పైకి రాకపోవడం. మీ అపార్ట్‌మెంట్‌లో డెలివరీ వాళ్లని గేటు దగ్గరే ఆపే రూల్ ఉందేమో వాచ్‌మన్‌ని అడగండి. ఆపితే అబ్బాయి తప్పేం లేదు, 5 ఇవ్వండి. లోపలికి రానిచ్చినా, ఫోన్ కూడా చెయ్యకుండా వదిలి వెళ్తే 3 సరిపోతుంది. 1 మాత్రం దురుసుగా మాట్లాడినా, పార్సిల్ తెరిచినా ఇచ్చేది.

హోటల్‌కి నా లెక్కలో 2. ముక్క బాగా ఉడికి ఉంటే ఆ మాటా రాయండి, ఇలా: "ముక్క మెత్తగా ఉడికింది, మసాలాలో ఉప్పెక్కువ. సాలన్ అంచుదాకా నింపారు, టేపు లేదు, సగం కారింది."

డబ్బు వెనక్కి కావాలంటే మాత్రం స్టార్లతో పని జరగదు. హెల్ప్‌లోకి వెళ్లి ఆ ఆర్డర్ మీద కంప్లైంట్ పెట్టాలి, అదీ తినకముందే. సంచి అడుగు ఒక ఫోటో, మూత చుట్టూ నూనె గీత ఒక ఫోటో, సమంగా ఉన్న బిర్యానీ డబ్బా ఒక ఫోటో జత చేసి, కారిపోయిన సాలన్ వరకే అడగండి. ఉప్పు ఫోటోలో పడదు కాబట్టి దాన్ని రివ్యూకే వదిలేయండి.