పిల్లి గోడవైపు చూస్తోందా, వింటోందా?

(పాడ్‌కాస్ట్ ఎపిసోడ్, మాటల రూపంలో. డాక్టర్ నల్గొండలో పశువైద్యురాలు.)

హోస్ట్: నమస్తే అక్కా. ఈ వారం వచ్చిన వాయిస్ మెసేజ్‌లన్నీ ఒకటే గోల. “మా పిల్లి రాత్రిపూట ఖాళీ గోడను చూస్తూ కూర్చుంటుంది, మాకు భయమేస్తోంది” అని. ఒకాయనైతే నిమ్మకాయలు కూడా కట్టించారట.

డాక్టర్: కట్టించనీ, నిమ్మకాయలతో పిల్లికేం నష్టం లేదు. కానీ ఆ గోడకు అవతల ఏముందో చూశారా?

హోస్ట్: అది ఎవరూ చెప్పలేదు.

డాక్టర్: నేను మొదట అడిగేది అదే. మిర్యాలగూడ వైపు ఒక ఇంటి సంగతి చెప్తా. వాళ్ల ఆడపిల్లికి రెండేళ్లు ఉంటాయి. ఆరోగ్యం బాగుంది, తిండి బాగా తింటోంది. రాత్రి టీవీ కట్టేసి అందరూ పడుకున్నాక హాల్లో స్విచ్ బోర్డు కింద కూర్చుని గోడను చూస్తుందట. అరగంటైనా కదలదు. ఇంట్లో పెద్దావిడ “దానికి ఏదో కనబడుతోంది” అంటుంది, పిల్లలు ఏడుస్తున్నారు. ఆ ఇంటాయన నాకు పిల్లి ఫొటో పంపాడు. ఫొటోతో ఏం తెలుస్తుంది? వీడియో తియ్యి, కళ్లు కాదు, చెవులు కనబడేట్టు తియ్యి అన్నాను.

హోస్ట్: చెవులెందుకక్కా?

డాక్టర్: పిల్లి చెవి డొప్ప దేనికదే తిరుగుతుంది, దాదాపు వెనక్కి కూడా. వీడియోలో ఆ పిల్లి రెండు చెవులూ గోడకు గురిపెట్టి ఉన్నాయి. మధ్యలో ఫ్యాన్ కిర్రుమంటే ఒక చెవి అటు తిరిగి, చూసుకుని మళ్లీ గోడకే వచ్చింది. తల మెల్లగా పైకి లేస్తోంది, కాసేపటికి కిందికి దిగుతోంది. తోక కొన మాత్రం ఆడుతోంది. అంటే గోడలో ఏదో కదులుతోంది, ఈ పిల్లి దాని వెంట వెళుతోంది. కళ్లు అటు తిరగడానికి కారణం చెవులు అటు ఉండటమే.

హోస్ట్: మరి ఇంట్లో ఇంతమంది ఉన్నారు, ఒక్కరికీ వినబడలేదా?

డాక్టర్: వినబడదు. మన చెవికి పై హద్దు 20 కిలోహెర్ట్జ్, అదీ చిన్నపిల్లలకు. వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. పిల్లికి దాదాపు 85 కిలోహెర్ట్జ్ దాకా వినబడుతుంది. కుక్క కూడా సుమారు 45 దగ్గరే ఆగిపోతుంది. అంత సన్నటి శబ్దం పిల్లికెందుకు అంటే, దాని తిండి అక్కడ మాట్లాడుతుంది కాబట్టి. చిట్టెలుక పిల్లలకు చలేసినా, గూట్లోంచి పక్కకు దొర్లినా తల్లిని పిలుస్తాయి. ఆ పిలుపు మనకు అందే హద్దుకు చాలా పైన ఉంటుంది. మన పక్కనే అరిచినా మనకు నిశ్శబ్దమే.

హోస్ట్: అంటే గోడ అవతల ఎలుక అరుస్తుంటే పిల్లికి ఇవతలికి వినబడుతుందన్నమాట.

డాక్టర్: ఆగాగు, ఇక్కడే చాలామంది తప్పుతారు. అంత సన్నటి శబ్దానికి తొమ్మిదంగుళాల ఇటుక గోడ దాటే శక్తి లేదు. గోడకు తగిలి అక్కడే ఆగిపోతుంది. అది ఇవతలికి రావాలంటే సందు ఉండాలి. మన ఇళ్లలో ఆ సందులు ఎక్కడుంటాయి? స్విచ్ బోర్డు వెనక వైరింగ్ పైపు వచ్చే చోట, ఏసీ పైపు కోసం కొట్టిన బొక్క దగ్గర, సజ్జ కింద పగులు, చౌకట్టుకూ గోడకూ మధ్య ప్లాస్టరింగ్ ఊడిన చోట. గోర్లతో గీకడం, పళ్లతో కొరకడం వేరు. ఆ చప్పుడు మందంగా ఉంటుంది, గోడలోంచి కూడా కొంత వస్తుంది. మనం కూడా రాత్రి చెవి ఆనిస్తే వినొచ్చు. కానీ పిల్లి ఎప్పుడూ ఒకే చోట, జానెడు జాగా మీదే గురిపెడుతోందంటే అక్కడ సందు ఉండే అవకాశం ఎక్కువ.

హోస్ట్: ఇది నేనెప్పుడూ అనుకోలేదు! ఇంతకీ ఆ ఇంట్లో ఏమైంది?

డాక్టర్: గోడకు అవతల వాళ్ల సామాన్ల గది. వనపర్తి వైపు చుట్టాలు పంపిన పల్లీల బస్తాలు గోడకు ఆనించి పెట్టారు, పక్కనే కొత్త వడ్లు. కోతలైపోయాక పొలంలో ఎలుకలకు తిండీ, చాటూ రెండూ పోతాయి, కొన్ని ఇళ్ల వైపు వస్తాయి. ఆయనకు ఇంకా నమ్మకం కలగలేదు. ఫోన్ గోడకు ఆనించి రాత్రంతా రికార్డు చేశాడట, “ఏం లేదు మేడం” అన్నాడు.

హోస్ట్: నిజమే కదా, రికార్డింగ్‌లో ఏం లేకపోతే…

డాక్టర్: ఫోన్ రికార్డింగ్ మనుషుల మాట కోసం చేసింది. మామూలు రికార్డింగ్‌లో 24 కిలోహెర్ట్జ్ పైన ఏమీ ఎక్కదు, ఎంత సౌండ్ పెంచినా రాదు. అందుకని ఖాళీ రికార్డింగ్ వస్తే ఎలుక లేదని రుజువు కాదు. గబ్బిలాల మీద పని చేసేవాళ్ల దగ్గర దీనికి వేరే మైకులుంటాయి. ఇంట్లో అంత అవసరం లేదు. ముగ్గు పిండి చాలు.

హోస్ట్: ముగ్గు పిండా?

డాక్టర్: బస్తాలు గోడ నుంచి మూరెడు జరిపి, గోడ వెంబడి పలచగా చల్లమన్నాను. గడప ముందు వేసినట్టు మందంగా వేస్తే అచ్చు సరిగ్గా పడదు. ఎలుక గది మధ్యలోంచి నడవదు, మీసాలు గోడకు రాసుకుంటూ అంచుపట్టుకుని పోతుంది. తెల్లారి చూస్తే చిన్న చిన్న అడుగులు, మధ్యలో తోక గీసిన గీత. పల్లీల బస్తా వెనక బియ్యపు గింజంత నల్లటి రెట్టలు, రెండు వైపులా మొన తేలి. ఆ సైజు ఉంటే చిట్టెలుక. అదే సెంటీమీటరు దాటితే పెద్ద ఎలుక అనుకోవాలి. అడుగులు స్విచ్ బోర్డుకు సరిగ్గా అవతల ఉన్న పైపు బొక్క దగ్గర ఆగిపోయాయి. ఆ బొక్క పెన్సిల్ దూరేంతే ఉంది. చిట్టెలుకకు అది చాలు. లోపల గోనె పీచుతో గూడు కట్టుకుంది.

హోస్ట్: మరి వెంటనే ఎలుకల మందు పెట్టేస్తే అయిపోతుంది కదక్కా.

డాక్టర్: పిల్లి ఉన్న ఇంట్లో ఆ పని అస్సలు చేయొద్దు! బజార్లో దొరికే కేకు మందుల్లో చాలావరకు రక్తం గడ్డకట్టకుండా చేసేవే. అది తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది. అలాంటి ఎలుకే పిల్లికి సులువుగా దొరుకుతుంది. దాంతోపాటు మందూ పిల్లి ఒంట్లోకి పోతుంది. రెండు మూడు రోజులదాకా పైకి ఏం తెలియదు. ఆ తర్వాత చిగుళ్లు తెల్లబడటం, ఆయాసం, ముక్కు నుంచి రక్తం. అప్పుడు మా దగ్గరికి తెస్తారు. దానికి విటమిన్ కె1 ఇస్తాం, వారాల తరబడి ఇవ్వాలి. ఏ మందు తిన్నదో ప్యాకెట్ తెస్తే మాకు పని సులువవుతుంది. ఆ ఇంట్లో బోను పెట్టించి, పల్లీలు మూత ఉన్న డ్రమ్ములో పోయించాను. ఎలుకలు ఖాళీ అయ్యాక బొక్కను సిమెంటుతో మూయించాం. కొందరు స్టీలు పీచు కుక్కుతారు. మామూలు బొక్కకు మంచిదే, కరెంటు వైర్ల దగ్గర మాత్రం వద్దు. అక్కడ ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

హోస్ట్: తర్వాత పిల్లి చూడటం మానేసిందా?

డాక్టర్: కొన్నాళ్లు అక్కడికే వచ్చి కూర్చుంది. ఒకసారి వేట దొరికే చోటు తెలిస్తే పిల్లి అంత త్వరగా వదలదు. చెవులు మాత్రం వదులుగా ఉండేవి, కాసేపు చూసి లేచిపోయేది.

హోస్ట్: అన్ని చోట్లా ఎలుకలే ఉండవు కదా. మా ఇంట్లో పిల్లి సీలింగ్ మూలను చూస్తుంది.

డాక్టర్: ట్యూబ్‌లైటు వెనక బల్లి ఉందేమో చూడు. మన దగ్గర సగం కేసులు బల్లి ఖాతాలోకే పోతాయి. పిల్లి చూపు మనంత స్పష్టంగా ఉండదు, ముక్కు ముందు జానెడు దూరంలో ఉన్నది దానికి మసకే. కానీ కదలికను మాత్రం ఇట్టే పట్టేస్తుంది, అదీ మనకంటే చాలా తక్కువ వెలుతురులో. బల్లి ఒకసారి కదిలి ఆగిందనుకో, మళ్లీ కదిలేదాకా పిల్లి ఎదురుచూస్తుంది. మనం వచ్చేసరికి బల్లి ట్యూబ్ వెనక, పిల్లి కింద, మధ్యలో ఖాళీ గోడ. ఇంకోటి, నీ వాచీ అద్దం మీద పడ్డ ఎండ గోడ మీద చుక్కలా ఆడినా అంతే.

హోస్ట్: పిల్లికి మనకు కనబడని అతినీలలోహిత కాంతి కనబడుతుందని ఫోన్లో వీడియోలు తిరుగుతున్నాయి. దయ్యాలు కూడా దాంట్లోనే కనబడతాయట.

డాక్టర్: మొదటి సగంలో కొంత నిజముంది. 2014లో లండన్ పరిశోధకులు డగ్లస్, జెఫరీ చాలా జంతువుల కంటి కటకాలు పరీక్షించారు. పిల్లి కటకం ఆ కాంతిని బాగానే లోపలికి పంపుతుంది, మనది ఆపేస్తుంది. కానీ రాత్రి లైట్లార్పిన హాల్లో ఆ కాంతి ఎక్కడిది? గోడను చూసే పిల్లికి ఆ కారణం నేను ముందు పెట్టను.

హోస్ట్: మరి ఎప్పుడు భయపడాలి?

డాక్టర్: చూస్తున్న పిల్లికి పక్కన తిండి డబ్బా గలగలలాడించు. పేరు పిలిస్తే వేటలో ఉన్న పిల్లి పట్టించుకోకపోవచ్చు, కానీ డబ్బాకు కనీసం ఒక చెవైనా తిప్పుతుంది. చెవి కూడా తిరగకుండా, మూతి ఒక పక్క అదురుతూ, చొంగ కారుతూ శూన్యంలోకి చూస్తుంటే, అయ్యాక కాసేపు తికమకగా తిరుగుతుంటే, అది ఫిట్స్ కావచ్చు. కింద పడి కొట్టుకునే ఫిట్స్ ఒక్కటే కాదు, ఇలా నిలబడే వచ్చేవి కూడా ఉంటాయి.

ముసలి పిల్లి అయితే ఇంకో సంగతి. పదేళ్లు దాటి, కంటి పాపలు వెలుతురులో కూడా పెద్దవిగానే ఉండి, వస్తువులకు తగులుతూ నడుస్తుంటే బీపీ చూపించాలి. కిడ్నీ జబ్బుతో బీపీ పెరిగి ఒక్కసారిగా చూపు పోయే పిల్లులున్నాయి. అది గోడను చూస్తున్నట్టే ఉంటుంది, నిజానికి దానికేమీ కనబడట్లేదు.

హోస్ట్: తల గోడకు ఆనించి నిలబడితే?

డాక్టర్: అది అన్నిటికన్నా అర్జెంటు. నీ కాలికి తల రుద్దినట్టు రుద్దడం మామూలే. నుదురు గోడకు నొక్కిపెట్టి కదలకుండా నిలబడిందంటే మెదడుకో లివర్‌కో సంబంధించినది అయ్యుండొచ్చు. తెల్లారేదాకా ఆగొద్దు. వచ్చేముందు అర నిమిషం వీడియో తియ్యండి, ముఖమూ చెవులూ కనబడేట్టు. మా టేబుల్ మీదికి రాగానే చాలా పిల్లులు మామూలుగా అయిపోతాయి, అప్పుడు నేను చూడటానికి ఆ వీడియోనే మిగులుతుంది.

హోస్ట్: సరే అక్కా. నేనైతే ఇంటికెళ్లి ముందు ట్యూబ్‌లైటు వెనక చూస్తా.

డాక్టర్: స్టూలు జాగ్రత్త. బల్లి మీద పడితే పిల్లికంటే నువ్వే ఎక్కువ ఎగురుతావు.