ఏ మార్కెట్ అని ముందు అడగాలి

సభకు నమస్కారం. మందుల పరిశ్రమకు పేరుపడ్డ ఈ హైదరాబాద్‌లో మాట్లాడుతున్నాను కనుక, విలీనాలను తూచే కొలతలను మందుల ఉదాహరణతోనే వివరిస్తాను.

అన్నిటికన్నా సులువైన కొలత, అమ్మకాల్లో మొదటి నాలుగు కంపెనీల వాటాల మొత్తం. ఒక మార్కెట్లో నాలుగు కంపెనీలకు తలా 20 శాతం, మరో నాలుగింటికి తలా 5 శాతం ఉన్నాయనుకుందాం. వేరొక మార్కెట్లో ఒక్క కంపెనీకే 65 శాతం, మిగిలిన ఏడింటికి తలా 5 శాతం ఉన్నాయనుకుందాం. రెండుచోట్లా ఈ మొత్తం 80 శాతమే. కానీ రెండో మార్కెట్లో ధర ఎవరి చేతిలో ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఈ తేడాను పట్టుకునేది హెర్ఫిండాల్–హిర్ష్‌మన్ సూచీ. ప్రతి వాటానూ దానితోనే గుణించి, వచ్చినవన్నీ కలపాలి. అప్పుడు మొదటి మార్కెట్‌కు 1,700, రెండోదానికి 4,400 వస్తాయి.

రెండు కంపెనీలు కలిస్తే ఈ సూచీ ఎంత పెరుగుతుందో తెలుసుకోవడానికి వాటి వాటాలను గుణించి రెట్టింపు చేస్తే చాలు. అమెరికా 2023 మార్గదర్శకాల ప్రకారం, విలీనం తర్వాత సూచీ 1,800 దాటి, పెరుగుదల 100కు మించితే, ఆ విలీనం పోటీకి హానికరమని ముందుగా భావిస్తారు. అది కాదని నిరూపించుకోవలసిన భారం కంపెనీలపై పడుతుంది. మన చట్టంలో ఇలాంటి అంకెల గీత లేదు. అమ్మకాలు కొద్ది కంపెనీల చేతుల్లోనే ఉండడం, అంటే కేంద్రీకరణతో పాటు, కొత్తవారు రావడానికి ఉన్న అడ్డంకుల వంటి అంశాలనూ కాంపిటిషన్ కమిషన్ చూస్తుంది.

అయితే, నా దృష్టిలో, లెక్క కన్నా ముందు తేల్చవలసింది మార్కెట్ హద్దు. 2014లో సన్ ఫార్మా, ర్యాన్‌బాక్సీ విలీనమే తీసుకోండి. దేశంలోని మొత్తం మందుల అమ్మకాల్లో ఆ రెండింటి వాటా కలిపి సుమారు 9 శాతమే. ఉజ్జాయింపుగా ఒకదానికి 5, మరొకదానికి 4 అనుకుంటే సూచీ పెరిగేది 40 మాత్రమే. అంతవరకే చూస్తే ఆ ఫైలు మూసేయవచ్చు.

కానీ ప్రోస్టేట్ సమస్యకు టామ్‌సులోసిన్, టోల్టెరోడిన్ కలిసిన మాత్ర రాసిన చీటీ పట్టుకుని కోఠిలోని మందుల దుకాణానికి వెళ్లిన రోగికి, అదే కంపెనీ అమ్మే దగ్గు మందు ప్రత్యామ్నాయం కాదు. అందుకే కమిషన్ ఒక్కో రసాయనాన్నీ, లేదా మాత్రలోని మిశ్రమాన్నీ, ఒక్కో మార్కెట్‌గా తీసుకుంది. అలా విడదీసి చూడగానే, కొన్ని మందుల్లో రెండు కంపెనీలూ ప్రధాన పోటీదారులేనని తేలింది. విలీనాన్ని ఆపకుండా, ఏడు ఉత్పత్తులను వదులుకోవాలనే షరతుతో అనుమతించారు. ఇందాక చెప్పిన మాత్రను టామ్లెట్ పేరుతో అమ్ముతున్న సన్ దాన్ని వదులుకోవలసి వచ్చింది.

ఇలా వదులుకున్న ఉత్పత్తిని ఎవరు కొంటారన్నది కూడా అదే లెక్కతో చూడాలి. కొనేవారికి అప్పటికి ఆ మందులో వాటా సున్నా అయితే, గుణకారం సున్నాయే, సూచీ పెరగదు. వారు కూడా అదే మందు అమ్ముతుంటే, ఒక విలీనంలో తొలగించిన కేంద్రీకరణ మరో చేతిలోకి మారుతుంది.