ఆట నాన్నది, కాపలా పిల్లలది
(పొదుపు సంఘాల సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలి ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, సంఘాల లీడర్లకు, పనులు మానుకుని వచ్చిన అక్కాచెల్లెళ్ళకు నమస్కారం. పిల్లల చదువుకు డబ్బు ఎలా దాచాలో చెప్పమని నన్ను పిలిచారు. చెప్తాను. ముందు, ఫోన్లో డబ్బు పెట్టి ఆడే ఆటల వల్ల దాచిన డబ్బు దాచినట్టు ఉండని ఇళ్ళ గురించి మాట్లాడాలి. నిర్వాహకులు ఏమీ అనుకోవద్దు.

ఒకరోజు ఇంటర్వెల్‌లో నోట్సులు దిద్దుతుంటే ఫోన్ వచ్చింది. అవతలి మనిషి మా ఏడో తరగతి పిల్లాడి తండ్రి పేరు చెప్పి, లోన్ యాప్ అప్పు కట్టలేదు, మీరు కట్టించండి అంటూ బూతులకు దిగాడు. ఆ యాప్ ఆయన ఫోన్లోని నంబర్లన్నీ లాగేసుకుంది. అందులో నేనూ ఉన్నాను. పిల్లాడు నా టేబుల్ పక్కనే ఉన్నాడు. నా మొహం చూసి, ఎవరని కూడా అడక్కుండా, "నాన్న ఊళ్ళో లేరని చెప్పండి మేడమ్" అన్నాడు.

పన్నెండేళ్ళ పిల్లాడికి ఆ మాట అంత తడుముకోకుండా ఎలా వచ్చిందమ్మా? ఇంట్లో రోజూ వాడి డ్యూటీ అదే కాబట్టి. తలుపు కొడితే వాడే వెళ్ళాలి, వాడే అబద్ధం చెప్పాలి. నాన్న బండి స్టాండ్ వేసే చప్పుడును బట్టి ఈరోజు డబ్బులు పోయాయో వచ్చాయో కనిపెట్టేస్తాడు. పోయిన రోజు చెల్లిని తీసుకుని మేడ మీదికి వెళ్ళిపోతాడు. వచ్చిన రోజు బిరియానీ. ఒకసారి సైకిలే వచ్చింది, నెల తిరక్కుండా అమ్ముడూ పోయింది. ఆన్‌లైన్ రమ్మీ అంటే ఆ ఇంట్లో దెయ్యమూ అదే, దేవుడూ అదే. నాన్న గెలవాలని మొక్కుకునేవాణ్ణి అని వాడే నాతో చెప్పాడు. పైగా, సైకిల్ కావాలని తను పేచీ పెట్టడం వల్లే నాన్న ఆట మొదలుపెట్టాడని వాడి లెక్క. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, లోపలే పెట్టుకున్నాడు.

ఇప్పుడు మన సంగతి. కోపం తెచ్చుకోకండి. "నాన్న నిద్రపోయాక ఫోన్ చూసి చెప్పు", "వెనకాలే వెళ్ళి ఎక్కడ కూర్చున్నాడో చూసి రా" అని పిల్లల్ని పంపేది ఎవరు? మనమే. అటు నాన్న పది రూపాయలు చేతిలో పెట్టి "అమ్మకు చెప్పకు" అంటాడు. చెప్తే నాన్నకు కోపం, చెప్పకపోతే అమ్మకు కోపం. ఇదెక్కడి న్యాయం? వాడు బడికి వచ్చి లెక్కలు ఎలా చేస్తాడు? మార్కులు తగ్గాయని మళ్ళీ మనమే తిడతాం. ఇది నేను ఎన్ని సభల్లోనైనా అడుగుతాను.

ఆ పిల్లాడి తల్లి టైలరింగ్ చేస్తుంది. నాతో మాట్లాడాక ఇంటికి వెళ్ళి పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టుకుంది. "నాన్న ఫోన్లో డబ్బు పెట్టి ఆడుతున్నారు. మానలేకపోతున్నారు. ఇది మీ వల్ల రాలేదు, మీరు ఆపలేరు. అన్నం, ఫీజు సంగతి నాది" అంది. అంతే. ఎంత అప్పుందో చెప్పలేదు, భర్తను తిట్టలేదు. ఆ నాన్నంటే వాళ్ళకు ఇష్టం కదా, ఆ ఇష్టం తప్పన్నట్టు మాట్లాడకూడదు. ఆ రోజు నుంచి తలుపు తీయడం, ఫోన్ ఎత్తడం ఆవిడ పని. కొన్నాళ్ళకు పిల్లాడు బెల్ మోగితే లేవడం మానేశాడు. ఆయన ఆట మాత్రం ఆగలేదు, ఆ మాటా చెప్పాలి. 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చింది. మానినవాళ్ళు మానారు, దొంగదారి వెతుక్కున్నవాళ్ళూ ఉన్నారు. చట్టం వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకండి.

ఇక డబ్బు, నన్ను పిలిచింది దానికే కదా! హుండీ, బీరువా వద్దు. పిల్లల హుండీ పగిలిందంటే పోయేది చిల్లర ఒక్కటే కాదు, మళ్ళీ దాచుకోవాలన్న బుద్ధి కూడా. కుట్టుకూలీ రాగానే ఆవిడ టర్మ్ ఫీజు నేరుగా కట్టి రసీదు తెచ్చుకుంటుంది. పదేళ్ళలోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి, గార్డియన్‌గా మీ పేరే పెట్టించండి. ఏడాదికి కనీసం 250 రూపాయలు కడితే చాలు. పై చదువుకని తీయాలన్నా పాప పదో తరగతి పాసవ్వాలి, లేదా 18 నిండాలి. మధ్యలో ఎవరో అడిగారని తీసివ్వడం కుదరదు. ఈ ఇళ్ళకు కావలసింది అదే. ఆయన అప్పుకు మీరు హామీ సంతకం పెట్టకండి. ఒక అప్పు తీరిందంటే ఇంకో అప్పు పుట్టే చోటు దొరికినట్టే.

ఆయన డాక్టర్ దగ్గరికి రానంటే? చాలామంది రారు. అయినా 14416కి మీరే ఫోన్ చేయొచ్చు. అది మనసు బాధలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లాడు నిద్రలో ఉలిక్కిపడుతున్నా, అన్నం మానేసినా అక్కడే చెప్పండి. ఆయన చేయి చేసుకుంటుంటే మాత్రం మహిళా హెల్ప్‌లైన్ 181. ఈ రెండు నంబర్లూ నా ముందే ఫోన్లో ఎక్కించుకోండి. పేరు మాత్రం "టైలర్ షాపు" అనో మరొకటో పెట్టుకోండి, ఆయన మీ ఫోన్ కూడా చూస్తాడు.