ఏడో నంబరు పేపరుకి నాలుగు రకాల మార్కులు
(కొత్త మూల్యాంకకుల శిక్షణలో, మొదటి రోజు మధ్యాహ్నం ఇచ్చిన ప్రసంగం)

అందరూ భోజనాలు చేసి వచ్చారు కాబట్టి నిద్ర రాకముందే అసలు విషయానికి వస్తాను. పొద్దున మీరు దిద్దిన ఏడో నంబరు పేపరు మార్కులు బోర్డు మీద ఉన్నాయి. ఆరు మార్కుల స్కేలు. మీరు పన్నెండు మంది. ఒకరు 2 వేశారు, నలుగురు 3, నలుగురు 4, ముగ్గురు 5. ఈ అంకెలు చూడగానే గదిలో కొందరు నవ్వారు, 2 వేసినాయన మాత్రం తల దించుకున్నారు. దించుకోవలసిన పనేమీ లేదు. ఎందుకో చెబుతాను.

1961లో అమెరికాలో డీడరిక్, ఫ్రెంచ్, కార్ల్‌టన్ అనే ముగ్గురు పరిశోధకులు 300 వ్యాసాలను 53 మందికి ఇచ్చారు. వాళ్లలో అధ్యాపకులతో పాటు సంపాదకులు, లాయర్లు కూడా ఉన్నారు. కొలమానం ఏదీ ఇవ్వకుండా, మీకు తోచినట్టు తొమ్మిది స్థాయిల్లో పెట్టమన్నారు. నూటికి 94 వ్యాసాలకు కనీసం ఏడు వేర్వేరు స్థాయిలు వచ్చాయి. అయితే నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది వాళ్లు తర్వాత చేసిన పని. ఎవరి మార్కులు ఎవరితో కలుస్తున్నాయో లెక్కగట్టి చూస్తే, ఆ 53 మంది ఐదు రకాలుగా తేలారు. ఒకరు భావాలు చూస్తున్నారు, ఒకరు భాషాదోషాలు, ఒకరు అమరిక, ఒకరు పదాల ఎంపిక, ఇంకొకరు రాసినవాడి గొంతు. అంటే అదంతా గందరగోళం కాదు. ఒకే కాగితంలో ఎవరికి వారు వేరే వస్తువు చూస్తున్నారు. మన గదిలో పొద్దున జరిగిందీ అదే.

పేపరు తీయండి. ‘పిల్లలకు ఇంటిపని ఇవ్వాలా?’ అన్నది ప్రశ్న. రెండో పేరా చదువుతాను. “ఇంటిపని ఇస్తే చదివింది గుర్తుంటుంది అంటారు. నిజమే. కానీ మా తమ్ముడికి లెక్క అర్థం కాకపోతే ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. వాడు తప్పు పద్ధతినే పది లెక్కలకీ రాసుకెళ్లాడు. తప్పే బాగా గుర్తుండిపోయింది.” తప్పులు సరిచేసి చదివాను. అసలు కాగితంలో సగం ఒత్తులు లేవు, ‘అర్థం’ కాస్తా ‘అర్దం’ అయింది.

2 వేసినాయన పేపరులో మొదటి పేరాలోనే పదకొండు చోట్ల ఎర్ర సున్నాలున్నాయి. నేను ఆయన్ని అడిగింది ఒక్కటే: ఈ తప్పుల వల్ల మీకు అర్థం కాని వాక్యం ఏదైనా ఉంటే చదివి వినిపించండి. ఆయన రెండు నిమిషాలు వెతికి, లేదన్నారు. మన కొలమానంలో నాలుగో స్థాయి దగ్గర ఉన్న మాట ఏమిటంటే, ‘దోషాలున్నా అర్థానికి అడ్డు రావు’. ఆయన దోషాలు లెక్కపెట్టారు. కొలమానం అడిగింది అడ్డం వచ్చాయా అని. గమనించండి, నేను ఆయన్ని మార్కు మార్చమనలేదు. ఏ వాక్యం దగ్గర, కొలమానంలో ఏ మాట దగ్గర దారి మారిందో చూపించమన్నాను.

ఇక 5 వేసిన ముగ్గురి సంగతి. ఇందులో నేను చిన్న మోసం చేశాను, క్షమించాలి. మీకిచ్చిన కట్టలు రెండు రకాలు. సగం మందికి ఏడో పేపరుకి ముందు చాలా బలహీనమైన ఆరో పేపరు వచ్చింది, మిగతావారికి బాగా రాసిన ఎనిమిదో పేపరు. ఆ ముగ్గురూ మొదటి కట్టవారే. చెత్త పేపరు దిద్దాక మామూలు పేపరు మెరిసిపోతుంది. ఐదో స్థాయికి ‘ఒకటికి మించిన కారణాలు’ కావాలి. ఈ పిల్లవాడికి ఉన్నది ఒకే కారణం, ఎంత చక్కగా చెప్పినా సరే. మూడో పేరాలో దాన్నే తిప్పి రాశాడు. సీనియర్లు ముందే ఖరారు చేసిన మార్కు 4.

3 వేసిన నలుగురి దగ్గర మాత్రం తప్పు మాది. ‘తగిన ఆధారాలు’ అని కొలమానంలో ఉంది. సొంత ఇంటి ముచ్చట ఆధారం కాదని వీళ్లు, అవుతుందని మిగతావాళ్లు. రెండూ నమ్మదగినవే, ఎందుకంటే మేం ఆ మాటను వివరించలేదు. అందుకే టీ విరామంలో ఒక నిర్ణయం రాసుకున్నాం: చెప్పిన అభిప్రాయానికి నేరుగా ముడిపడితే సొంత అనుభవం ఆధారమే. ఇలాంటివి రాసి పెట్టకపోతే రేపు మళ్లీ ఇదే వాదన మొదలవుతుంది.

ఇప్పటిదాకా 4 వేసిన నలుగురు హాయిగా కూర్చున్నారు. నాకు ఎక్కువ టెన్షన్ మీతోనే. మీరు రాసిన కారణాలు చదివాను. ఇద్దరు పేరా చూపించి రాశారు. ఒకరు ‘దస్తూరి బాగుంది, రెండు పేజీలు రాశాడు’ అన్నారు. ఇంకొకరు ‘ఎటూ తేలక మధ్యలో వేశాను’ అన్నారు, నిజాయితీకి సంతోషం. ఈ ఇద్దరి అంకె కలిసింది, చూపు కలవలేదు. తొమ్మిదో పేపరులో అది బయటపడింది. ముత్యాల్లాంటి అక్షరాలు, మూడు పేజీలు, ప్రశ్నకు జవాబు లేదు. ఖరారు మార్కు 2. ఈ ఇద్దరూ 4 వేశారు. మార్కుతో పాటు కారణం ఒక వాక్యంలో రాయమని, అదీ ఎవరూ నోరు తెరవకముందే రాయమని పట్టుబట్టేది ఇందుకే. ముందు మాట్లాడుకుంటే గదిలో గట్టి గొంతు ఎవరిదో తెలుస్తుందంతే.

ఒక లెక్క చూపించి ముగిస్తాను. ఐదు పేపర్లు, ఖరారు మార్కులు 2, 3, 4, 4, 5. మీలో ఒకరు 1, 2, 3, 3, 4 వేశారు. ఇంకొకరు 4, 2, 5, 2, 5. మొదటివారి మొత్తం 13, ఉండవలసింది 18. రెండోవారి మొత్తం సరిగ్గా 18. సగటు మాత్రమే చూసే ఆఫీసులో రెండోవారికి శభాష్ అంటారు. నేనైతే మొదటివారి చేతికి కట్ట ఇస్తాను. ఆయన చెయ్యి బిగువు, కానీ ఎప్పుడూ ఒకే బిగువు. ఏ పేపరు దేనికన్నా మెరుగో ఆయనకు తెలుసు. ఒక మెట్టు ఎక్కడ వదులుతున్నారో చూపిస్తే చాలా వరకు సర్దుకుంటుంది. రెండోవారు రెండు పేపర్లలో రెండేసి మార్కులు తప్పారు, ఒకసారి పైకి, ఒకసారి కిందికి. అక్కడ కారణాల చీటీలు దగ్గర పెట్టుకుని ఒక్కో పేపరూ మళ్లీ చదవాలి.

ఇంత చేశాక కూడా చేతి బిగువులో తేడాలు పూర్తిగా పోవు. ఎవరికి వారు నిలకడగా మాత్రం అవుతారు. నాలుగో రోజుకి అలసట వల్ల ఆ నిలకడా జారుతుంది. అందుకని మీ రోజువారీ కట్టల్లో ఖరారు మార్కు ఉన్న పేపర్లు కొన్ని కలిపి ఉంచుతాం. ఏవో చెప్పం.

పదకొండో నంబరు పేపరు తీయండి. మార్కు, కింద ఒక వాక్యం. చీటీలు బోర్లించి పెట్టండి, పక్కవారిది చూడకుండా. పది నిమిషాలు.