మేనేజర్ గారికి కుర్చీ అడుగుతూ ఉత్తరం ఎలా రాయాలి

అందరికీ నమస్కారమండి. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది రైస్ మిల్లుల్లో, ఆక్వా ఫీడ్ డీలర్ల దగ్గర, ఫైనాన్స్ ఆఫీసుల్లో లెక్కలు, బిల్లింగ్ చూసేవాళ్లే. నేను ఫిజియోథెరపిస్టుని. మీలో చాలామంది నడుం పట్టేసి నా దగ్గరికి వచ్చినవాళ్లే, కాబట్టి నడుం నొప్పి ఎందుకొస్తుందో చెప్పడానికి ఎక్కువ సమయం తీసుకోను. డాక్టరు చూసి ఇది నడుం కండరాల బెణుకే అని చెప్పాక, ఆఫీసులో మంచి కుర్చీ కావాలి, మధ్యమధ్యలో లేచే వీలు కావాలి అని ఓనరు గారిని ఎలా అడగాలి, ఏం రాసి అడగాలి అన్నది ఒక్కటే ఈ రోజు మాట్లాడదాం.

అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, ఉత్తరం కంటే ముందే, డాక్టరు గారి చీటీ దగ్గరే వస్తుంది. మీరు తెచ్చే సర్టిఫికెట్లలో చాలావాటిలో ఒకటే మాట ఉంటుంది, లంబార్ స్ట్రెయిన్, రెండు వారాలు రెస్ట్ అని. అది చూసిన ఓనరుకి అర్థమయ్యేది ఏమిటి? ఈ అమ్మాయి సీజన్లో సెలవు పెట్టేస్తోంది అని. మీకు కావలసింది సెలవు కాదు, కుర్చీ. పైగా ఈ రకం నొప్పికి రోజుల తరబడి మంచం మీద పడుకోవడం మంచిది కూడా కాదు, కదులుతూ ఉంటేనే తొందరగా తగ్గుతుంది, చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాల్లో సర్దుకుంటుంది. అందుకని డాక్టరు గారి గదిలోంచి బయటికి రాకముందే ఆయన్ని ఇలా అడగండి: సార్, నేను పనికి వెళ్తాను, కానీ ఎంతసేపు ఏకబిగిన కూర్చోవచ్చో, ఎంత బరువు ఎత్తకూడదో, ఎన్ని వారాలు ఇలా ఉండాలో రాసివ్వండి అని. రెండు నిమిషాల పని. ఆ మూడు మాటలు చీటీలో ఉంటే ఉత్తరం సగం రాసినట్టే. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లు తమ డిస్పెన్సరీ డాక్టరు గారిని కూడా ఇలాగే అడగండి.

ఒక కేసు చెప్తాను. పేరు మార్చి లక్ష్మి అనుకుందాం. తణుకు వైపు ఒక మిల్లులో బిల్లింగ్ చేస్తారు. దాళ్వా ధాన్యం దిగే రోజులు, అంటే పొద్దున తొమ్మిదికి కూర్చుంటే మధ్యలో భోజనం తప్పితే రాత్రి ఏడింటికి లేవడం. కాటా చీటీ కిటికీలోంచి వస్తుంది, ఆ కిటికీ ఆవిడ వెనక ఎడమ పక్కన ఉంది, చీటీ వచ్చినప్పుడల్లా కూర్చున్నచోటే నడుం తిప్పి అందుకోవాలి. కూర్చునేది చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద దిండు. ఆవిడ ఎత్తు ఐదడుగులు. బల్ల ఎత్తు ముప్ఫై అంగుళాలు. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కుర్చీ అడిగేవాళ్లు దాదాపు అందరూ పొరబడేది ఇక్కడే.

ఐదడుగుల మనిషికి కాళ్లు నేలమీద చక్కగా ఆనాలంటే సీటు సుమారు పదిహేను అంగుళాల ఎత్తులో ఉండాలి. కానీ అంత కింద కూర్చుంటే ముప్ఫై అంగుళాల బల్ల మీద కీబోర్డు దాదాపు చంకల దాకా వస్తుంది, భుజాలు ఎత్తి టైప్ చేయాలి. సీటు పైకి లేపి ఇరవై అంగుళాలకు తెస్తే మోచేతులు బల్లకు సరిపోతాయి గానీ కాళ్లు గాల్లో వేలాడతాయి. కాళ్లు వేలాడితే మనిషి తెలియకుండానే ముందుకు జారిపోతుంది, వీపు ఆనుడు వదిలేస్తుంది, నడుం కింది కండరాలు రోజంతా ఒళ్లు మోస్తూ బిగుసుకుని ఉంటాయి. కాబట్టి లక్ష్మి గారికి కావలసింది కుర్చీ ఒక్కటే కాదు, ఇరవై అంగుళాల దాకా లేచే కుర్చీ, దాని కింద ఐదు అంగుళాల ఎత్తు పాదాల పీట. పీట చెక్కతో ఏ వడ్రంగి అయినా కొట్టిస్తాడు. ఇది అడగకుండా వట్టి కుర్చీ అడిగితే, కుర్చీ వస్తుంది, నొప్పి అలాగే ఉంటుంది, ఆరోజు నుంచి ఓనరు మీ మాట నమ్మడు.

ఇంకోటి. కుర్చీ కావాలని నోటితో అడిగితే మన దగ్గర సాధారణంగా జరిగేది, ఓనరు గారు తన గదిలో పాతబడ్డ బాస్ చైర్ పంపిస్తారు. మంచి మనసుతోనే పంపిస్తారు, కాదనను. కానీ ఆ పెద్ద కుర్చీల సీటు లోతు పంతొమ్మిది, ఇరవై అంగుళాలు ఉంటుంది. పొట్టి మనిషి అందులో వెనక్కి జరిగి కూర్చుంటే సీటు అంచు మోకాలి వెనక గుచ్చుకుంటుంది, ముందుకు కూర్చుంటే వీపుకి ఆనుడే దొరకదు. సీటు అంచుకీ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి, అదే కొలత. లక్ష్మి గారికి పదహారు అంగుళాల లోతు సీటు సరిపోయింది. వీపు ఆనుడులో ముందుకు ఉబ్బిన భాగం మొలతాడు కట్టుకునే చోటుకి కాస్త పైన తగలాలి, దాన్ని పైకీ కిందకీ జరుపుకునే వీలుండాలి. మెడ దాకా ఉండే ఎత్తు కుర్చీ, తోలు కవరు, ఇవేవీ అవసరం లేదు.

ఇక బ్రేకులు. బ్రేక్ అన్న మాట వినగానే ఓనరు మనసులో లెక్క మొదలవుతుంది, గంటకి ఐదు నిమిషాలంటే రోజుకి ముప్పావుగంట పోయినట్టే కదా అని. అది అన్యాయమైన ఆలోచన కాదు, సీజన్లో లారీలు గేటు దాకా నిలబడి ఉంటే డ్రైవర్లు ఊరుకోరు. అందుకే బ్రేక్ అంటే పని ఆపడం కాదు, కూర్చోవడం ఆపడం అని ఉత్తరంలోనే విడమరిచి రాయాలి. నడుముకి కావలసింది భంగిమ మారడం. రెండు గంటలకోసారి ఇరవై నిమిషాలు తీసుకోవడం కంటే గంటకోసారి ఐదు నిమిషాలు లేవడం మేలు, ఎందుకంటే కండరం బిగుసుకుపోకముందే వదలాలి, బిగుసుకున్నాక వదిలించడం కష్టం. ఆ ఐదు నిమిషాల్లో కాటా దాకా నడిచి చీటీలు తెచ్చుకోవచ్చు, నిలబడి ఫైలు కట్టొచ్చు, ఫోన్ మాట్లాడొచ్చు. కూర్చునే ఫోన్ చూసుకుంటే మాత్రం అది నడుముకి బ్రేక్ కాదండి.

లక్ష్మి గారు చివరికి ఇచ్చిన ఉత్తరం ఇది. ఆవిడ అనుమతితోనే చదువుతున్నాను, వివరాలు కొన్ని మార్చాను.

“గౌరవనీయులైన మేనేజర్ గారికి నమస్కారం. నేను మన మిల్లు ఆఫీసులో బిల్లింగ్ పని చూస్తున్నాను. నడుం నొప్పితో డాక్టరు గారికి చూపించుకోగా, నడుం కింది భాగంలో కండరాలు బెణికాయని చెప్పారు. సర్టిఫికెట్ జత చేశాను. నేను పని చేయగలను, సెలవు అడగడం లేదు. డాక్టరు గారు ఆరు వారాల పాటు ఒకేసారి నలభై ఐదు నిమిషాలకు మించి కూర్చోవద్దని, ఐదు కిలోలకు మించి బరువు ఎత్తవద్దని రాశారు.

అందువల్ల నాకు ఈ క్రింది విధంగా సర్దుబాటు చేయమని కోరుతున్నాను. సీటు ఎత్తు ఇరవై అంగుళాల వరకు లేచేది, సీటు లోతు పదహారు అంగుళాలు ఉన్నది, నడుము ఆనుడు జరుపుకునే వీలున్నది అయిన కుర్చీ ఒకటి, దాంతో పాటు ఐదు అంగుళాల ఎత్తు పాదాల పీట. ముప్పావుగంటకి ఒకసారి ఐదు నిమిషాలు లేచి నిలబడే వీలు. ఆ సమయంలో కాటా చీటీలు నేనే వెళ్లి తెచ్చుకుంటాను, ఫైలింగ్ నిలబడి చేస్తాను. లారీ బిల్లు మధ్యలో లేవను, ఒక లారీ పూర్తయ్యాక లేస్తాను. రికార్డుల కట్టలు, వాటర్ టిన్ను ఎత్తే పని ఈ ఆరు వారాలు వేరేవారికి అప్పగించగలరు. ఆరు వారాల తర్వాత డాక్టరు గారికి మళ్లీ చూపించుకుని ఏది అవసరం, ఏది అక్కర్లేదు అన్నది మీకు రాసి ఇస్తాను. వచ్చే సోమవారంలోగా మీ నిర్ణయం తెలియజేయగలరు.”

దీంట్లో ఏం లేదో కూడా గమనించండి. డిస్క్ జారింది అని లేదు, డాక్టరు అనలేదు కాబట్టి. స్కానింగ్ కాగితాలు, మందుల చీటీలు జత చేయలేదు, సర్టిఫికెట్ ఒక్కటి చాలు, మిగతావి ఆఫీసుకి అక్కర్లేని విషయాలు. మీ కుర్చీ వల్లే నా నడుం పోయింది అన్న మాట లేదు. అది నిజం కావచ్చు, కానీ ఆ మాట రాసిన మరుక్షణం చర్చ కుర్చీ మీంచి తప్పెవరిది అన్నదాని మీదకి పోతుంది. చట్టం పేరు కూడా లేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016 లో తగిన సర్దుబాటు చేయాలన్న మాట ఉన్న సంగతి మీలో కొందరు అడిగారు. అది దీర్ఘకాలిక లోపం ఉన్నవాళ్ల కోసం, ఆరు వారాల్లో తగ్గే బెణుకుకి దాన్ని పట్టుకుని రాస్తే ఉత్తరం బలహీనమవుతుంది. కేరళ 2018 లో, తమిళనాడు 2021 లో షాపుల్లో పనివాళ్లకి కూర్చునే హక్కు చట్టంలో పెట్టాయి, మంచి పని, కానీ అది రోజంతా నిలబడేవాళ్ల బాధ, మనది కూర్చునేవాళ్లది.

ఉత్తరం రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందింది అని తేదీ వేసి సంతకం పెట్టించుకోండి. ఎవరూ మొహమాటపడక్కర్లేదు, ధాన్యం దింపితే రసీదు తీసుకుంటాం కదా, ఇదీ అంతే. సంతకం పెట్టడానికి మేనేజర్ గారు ఇబ్బంది పడితే అదే ఉత్తరం ఫోటో తీసి ఆయనకి వాట్సాప్‌లో పంపండి, తేదీ దానంతటదే ఉంటుంది.

లక్ష్మి గారి విషయంలో కుర్చీ, పీట వారంలో వచ్చాయి. బ్రేకుల దగ్గర మేనేజర్ గారు ఒప్పుకోలేదు, సీజన్ అయ్యాక చూద్దాం అన్నారు. అప్పుడు ఆవిడ పోట్లాడలేదు, వదిలేయలేదు కూడా. బల్లని తిప్పి వేయించమన్నారు, కిటికీ ఎదురుగా వచ్చేట్టు. దాంతో నడుం మెలిక తప్పింది. చీటీ వచ్చినప్పుడల్లా లేచి అందుకోవడం మొదలుపెట్టారు, అంటే బ్రేక్ అన్న పేరు లేకుండానే గంటకి చాలాసార్లు లేస్తున్నారు. పది రోజులు చూశాక మేనేజర్ గారే ఐదు నిమిషాల మాటకి సరే అన్నారు, బిల్లింగ్ ఎక్కడా ఆగలేదు కాబట్టి.

ఒక్క హెచ్చరిక చెప్పాలి, ఇది ఉత్తరాలతో పని లేని సంగతి. నొప్పి మోకాలు దాటి పాదం దాకా లాగుతున్నా, కాలి వేళ్లు పైకి లేవకపోతున్నా మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి, అది కండరాల బెణుకు కాకపోవచ్చు. తొడల మధ్య భాగం మొద్దుబారినా, మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా అదే రోజు, అదే గంటలో ఆస్పత్రికి. కుర్చీ సంగతి తర్వాత.

నా దగ్గర కొలత టేపులు ఉన్నాయి. రేపు ఆఫీసుకి వెళ్లగానే బల్ల ఎత్తు, మీ సీటు ఎత్తు, సీటు లోతు మూడూ కొలిచి కాగితం మీద రాసుకోండి. సర్టిఫికెట్ ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లు ఇటు రండి, మీ డాక్టరు గారు ఏం రాశారో చూసి ఇక్కడే ఉత్తరం మొదలుపెడదాం.