పాత లిథోనా, కొత్త కాపీనా? 15ఎక్స్ క్లిప్ లెన్స్ రివ్యూ

నమస్కారం, వైజాగ్ నుంచి. ఫోన్ కెమెరాకి తగిలించుకునే ఈ క్లిప్ లెన్స్ కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా. స్పెక్స్ మీరు చూసే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. ఒక్క పని మీదే దీన్ని పరీక్షిద్దాం: దేవుడి గదిలోని లక్ష్మీదేవి పటం పాత లిథోనా, దాన్ని స్కాన్ చేసి వేసిన ఆఫ్‌సెట్ కాపీనా?

రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి వేయించిన పటాలు లిథోలే. రాతి మీద బొమ్మ గీసి, ఒక్కో రంగుకి ఒక్కో రాయితో అచ్చు వేసేవారు.

అమ్మవారి బుగ్గ మీద ఫోకస్ చేయండి. లిథో అయితే చుక్కలు చేత్తో పెట్టినవి. ఒకటి చిన్నది, పక్కది పెద్దది, నీడ ఉన్నచోట దట్టంగా, వెలుగు ఉన్నచోట పలచగా ఉంటాయి. గులాబీ, లేత నీలం, గోధుమ... ఏ సిరా చుక్క ఆ సిరాగా నిండుగా కనిపిస్తుంది. మామూలు ఆఫ్‌సెట్‌లో నాలుగే సిరాలు. చుక్కలు సమాన దూరంలో వరుసలు కట్టి చిన్న చిన్న పువ్వుల్లా అమరుతాయి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. అంగుళానికి 150 లైన్ల స్క్రీన్ అయితే ఒక్కో సిరాకి మిల్లీమీటరులో సుమారు ఆరు చుక్కలు పడతాయి. ఇంక్‌జెట్ అయితే వరుసే ఉండదు, సన్నటి చుక్కలు ఇసక చల్లినట్టు పడతాయి.

చాలామంది పొరబడేది ఇక్కడే. కాపీలో కూడా చేతి చుక్కలు కనిపిస్తాయి, ఎందుకంటే స్కానర్ వాటిని కూడా పట్టేస్తుంది. అందుకని ఒక్క చేతి చుక్కనే ఇంకా దగ్గరగా చూడండి. దాని లోపల మళ్లీ ఆ పువ్వుల వరుస ఉంటే అది కాపీయే. పటం అడుగున అక్షరాలు కూడా చూడండి, కానీ వాటినే నమ్ముకోవద్దు. కాపీ వేసేవాళ్లు నల్ల సిరాతో అక్షరాలు విడిగా వేసి ఉండొచ్చు.

ఇక నాకు చిరాకు తెప్పించింది ఈ లెన్స్ చుట్టూ ఉన్న లైటు. పాత పటాల్లో చాలావాటికి వార్నిష్ ఉంటుంది. లైటు నేరుగా పడితే తెల్లటి మెరుపు తప్ప చుక్క కనిపించదు. ఈ లైటు ఆపేసి, ఇంకో ఫోన్ టార్చ్ పక్కనుంచి ఏటవాలుగా పట్టండి. ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే చుక్కలు అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి.

పటానికి అద్దం ఉంటే లెన్స్ కాగితానికి అంత దగ్గరగా పోదు, ఫోకస్ కుదరకపోవచ్చు. అలాగని అద్దం ఊడదీయొద్దు. మన సముద్రపు తేమకి కాగితం అద్దానికి అంటుకుని ఉంటే బొమ్మే చిరిగి వచ్చేస్తుంది.

లెన్స్ గాజు మాత్రం చాలా బాగుంది, అంచుల్లో కూడా చుక్కలు చెదరలేదు. ఆ లైటు లేకుండా తక్కువ ధరకి ఇస్తే కళ్లు మూసుకుని కొనమంటాను.