గణాల నుంచి గుణకాల దాకా

అందరికీ నమస్కారం. ద్విపద సిద్ధాంతాన్ని సూత్రంతో కాకుండా, మన ఛందస్సుతో మొదలుపెడతాను.

మూడక్షరాల గణాలు ఎనిమిదని మీకు తెలుసు. మ గణంలో మూడూ గురువులే. రెండు గురువులున్నవి య, ర, త. ఒకే గురువున్నవి భ, జ, స. న గణంలో గురువే లేదు. లెక్కపెడితే 1, 3, 3, 1. ఇప్పుడు (గ + ల)³ ను విస్తరించండి: గ³ + 3గ²ల + 3గల² + ల³. అవే అంకెలు! కారణం సులువే. మూడు కుండలీకరణాల్లో ఒక్కోదాని నుంచి గ గానీ ల గానీ ఎంచుకుని గుణిస్తున్నాం. గ²ల ఎన్ని దారుల్లో వస్తుందో అదే దాని గుణకం. ప్రతిచోటా రెండే అవకాశాలు కాబట్టి వరస మొత్తం 2 × 2 × 2 = 8. పింగళుడి ఛందశ్శాస్త్రానికి వ్యాఖ్య రాస్తూ పదో శతాబ్దంలో హలాయుధుడు వివరించిన మేరు ప్రస్తారంలో ఉన్నవి ఈ వరసలే.

ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు, వాటిలో ఎనిమిది గురువులు. ఇరవై అక్షరాల పాదాలు మొత్తం 2²⁰, అంటే 10,48,576. సరిగ్గా ఎనిమిది గురువులున్నవి ²⁰C₈, అంటే 1,25,970. విస్తరణంతా రాయకుండానే ఒక్క గుణకాన్ని చదివేశాం.

ఇప్పుడు పరీక్షల్లో కనిపించే తరహా లెక్క చూద్దాం: (2x − 3/x²)⁶ లో x లేని పదం ఎంత? రెండో పదాన్ని r సార్లు ఎంచుకుంటే, మొదటిది 6 − r సార్లు వస్తుంది. అప్పుడు x ఘాతం 6 − r − 2r, అంటే 6 − 3r. అది సున్నా కావాలంటే r = 2. కాబట్టి పదం ⁶C₂ × 2⁴ × (−3)² = 15 × 16 × 9 = 2160. x² గుణకం అడిగితే? 6 − 3r = 2 కి పూర్ణాంక r దొరకదు. అలాంటి పదమే లేదు, గుణకం సున్నా.

చాలామంది పొరబడేది మొత్తం దగ్గర. ‘గుణకాల మొత్తం ఎంత?’ అనగానే 2⁶ = 64 రాసేస్తారు. 64 అనేది 1, 6, 15, 20, 15, 6, 1 అనే ద్విపద గుణకాల మొత్తం. విస్తరణలోని పదాల గుణకాల్లో 2, −3 ల ఘాతాలు కూడా కలిసి ఉంటాయి. వాటి మొత్తానికి x = 1 పెట్టాలి: (2 − 3)⁶ = 1. నమ్మకం కుదరకపోతే కూడి చూడండి: 64 − 576 + 2160 − 4320 + 4860 − 2916 + 729. సరిగ్గా 1 వస్తుంది.

చేత్తో విస్తరించినప్పుడల్లా ఈ తనిఖీ చేసుకోమని నా విద్యార్థులను బతిమాలుతుంటాను. ఒక్కచోట గుర్తు తారుమారైనా మొత్తం 1 రాదు, తప్పు బయటపడుతుంది. అయితే రెండు గుణకాలు ఒకదాని చోట ఇంకొకటి పడితే మొత్తం మారదు. అందుకని x = 2 కూడా పెట్టి చూడండి: (4 − 3/4)⁶ తో విస్తరణ విలువ సరిపోవాలి.